బ్యాంకు సంతకాలు మార్చే బోర్డు తీర్మానం: ఒక్క వాక్యంతో పని జరగదు

ప్రశ్న: నమస్తే అండి. మాది రైతుల ప్రొడ్యూసర్ కంపెనీ. సీఈఓ రాజీనామా చేసి వెళ్లిపోయారు. కొత్తాయన్ని తీసుకున్నాం. బ్యాంకులో సంతకాలు మార్చమని తీర్మానం ఇస్తే మేనేజర్ గారు రెండుసార్లు వెనక్కిచ్చారు. మేం రాసింది ఇదీ: "పాత సీఈఓ గారు రాజీనామా చేసినందున ఇకమీదట చైర్మన్ గారు మరియు/లేదా కొత్త సీఈఓ గారు చెక్కులపై సంతకం చేయుటకు బోర్డు నిర్ణయించుచున్నది." ఇందులో తప్పేముంది? విత్తనాల సీజన్ మొదలైంది, డీలరుకి డబ్బు కట్టాలి. ఒకటే టెన్షన్. సరైన భాషలో ఎలా రాయాలో చెప్పగలరు.

సమాధానం: మేనేజర్ గారి మీద కోపం తెచ్చుకోకండి. మీ వాక్యం చదివి కంప్యూటర్‌లో మార్పు చేయాల్సిన ఉద్యోగి స్థానంలో ఒక్క నిమిషం కూర్చోండి. ఏ ఖాతా? తీసేయాల్సింది ఎవరి సంతకం? కొత్తగా ఒకరు పెడితే చాలా, ఇద్దరూ పెట్టాలా? ఏ రోజు నుంచి? నాలుగింటికీ మీ కాగితంలో జవాబు లేదు. బోర్డు తీర్మానం భాష గంభీరంగా కనిపించేది అలంకారం కోసం కాదు. రేపు గొడవ వస్తే బ్యాంకు ఎవరి మాట విని డబ్బిచ్చిందో చూపించే కాగితం అదొక్కటే.

అన్నిటికంటే ప్రమాదం ఆ "మరియు/లేదా". నేను కంపెనీల కాగితాలు చూసే పనిలో ఉన్నాను. వెనక్కొచ్చిన తీర్మానాల్లో నాకు ఎక్కువగా కనిపించేది ఈ గీతే. "మరియు" అంటే ఇద్దరూ కలిసి. "లేదా" అంటే ఎవరో ఒకరు. రెండూ కలిపి రాస్తే, ఒక్క సంతకంతో వచ్చిన చెక్కుకి డబ్బివ్వాలో వద్దో కౌంటర్లో ఉన్నాయన తేల్చుకోలేడు. ఇంగ్లిష్‌లో రాసేవాళ్లు "జాయింట్లీ అండ్ సెవరల్లీ" అని పెట్టి ఇదే చిక్కులో పడతారు. జాయింట్లీ అంటే ఉమ్మడిగా, సెవరల్లీ అంటే విడివిడిగా. రెండోది చేర్చారంటే ఒంటరి సంతకానికి తలుపు తీసినట్టే. ఒకసారి ఒక కంపెనీ తీర్మానంలో "ఈదర్ ఆర్ సర్వైవర్" అని కూడా చూశాను. ఇద్దరిలో ఎవరైనా, ఒకరు పోతే మిగిలినవారు అని దాని అర్థం. అది భార్యాభర్తల ఖాతాలకు వాడే మాట. ఎవరి ఫారం చూసి ఎత్తి రాశారో మరి.

కాబట్టి రాయడానికి కూర్చునే ముందు బోర్డు తేల్చుకోవాల్సింది పద్ధతి. మీలాంటి కంపెనీల్లో మామూలుగా ఛైర్మన్, సీఈఓ ఇద్దరూ కలిసి సంతకం చేస్తారు. మంచిదే. కానీ ఇప్పుడు మీరు ఇరుక్కున్నది కూడా అందుకే. ఇద్దరిలో ఒకరు వెళ్లిపోగానే ఖాతా కదలడం మానేసింది. మీరు అడిగితే నా సలహా ఇది: ముగ్గురి పేర్లు పెట్టండి, ఛైర్మన్, మరో డైరెక్టరు, సీఈఓ. "ఈ ముగ్గురిలో ఏ ఇద్దరైనా ఉమ్మడిగా" అని రాయండి. ఒకరు ఊళ్లో లేకపోయినా, మానేసినా డీలరు చెక్కు ఆగదు, ఒంటి సంతకంతో డబ్బూ పోదు. సీఈఓకి తెలియకుండా మిగతా ఇద్దరూ చెక్కులు రాసేస్తారేమో అన్న అనుమానం ఉంటే, సీఈఓ సంతకం తప్పనిసరి, దానితోపాటు మిగతా ఇద్దరిలో ఒకరిది అని పెట్టుకోవచ్చు. అప్పుడు మాత్రం సీఈఓ సెలవులో ఉన్న రోజు ఖాతా కూడా సెలవే.

"ప్రొడ్యూసర్ కంపెనీలో బ్యాంకు ఖాతా నడిపే పని సీఈఓదే కదా, ఆయన లెటర్ చాలదా" అని కొందరు వాదిస్తారు. కంపెనీల చట్టంలో ప్రొడ్యూసర్ కంపెనీల అధ్యాయం సీఈఓ విధుల్లో ఖాతా నిర్వహణను చేర్చిన మాట నిజం. మరొకరికి ఆ అధికారం అప్పగించవచ్చని కూడా ఉంది, కానీ బోర్డు ఆమోదానికి లోబడి. అందుకే బ్యాంకు తీర్మానం అడుగుతుంది. కొత్త సీఈఓని నియమించిన తీర్మానం నకలు కూడా అడుగుతుంది. రెండూ ఒకే సమావేశంలో పెడుతుంటే అజెండా వరస చూసుకోండి. రాజీనామా ఆమోదం మొదట, నియామకం తర్వాత, బ్యాంకు అంశం ఆ తర్వాత. ఇంకా నియామకమే కాని మనిషికి సంతకాధికారం ఇచ్చినట్టు మినిట్స్‌లో కనిపించకూడదు.

సమావేశం కూడా నిజంగా జరగాలి. ఊళ్లలో జరిగేది నాకు తెలుసు: పుస్తకం పట్టుకుని డైరెక్టర్ల ఇళ్లకు తిరిగి, పొలం గట్టు మీద సంతకాలు పెట్టించుకొస్తారు. అది సమావేశం కాదు. ప్రొడ్యూసర్ కంపెనీ బోర్డుకి కోరం మొత్తం డైరెక్టర్లలో మూడో వంతు, కనీసం ముగ్గురు. మీ బోర్డులో తొమ్మిది మంది ఉన్నారనుకుంటే ముగ్గురు ఉంటే సరిపోతుంది. నోటీసు కనీసం 7 రోజుల ముందు వెళ్లాలి. తొందరుంటే ఇంకా తక్కువ వ్యవధిలో పిలవవచ్చు, కానీ ఎందుకు తొందరో రాతలో ఉండాలి. విత్తనాల చెల్లింపు ఆగిపోయిందన్నది చెప్పుకోదగ్గ కారణమే.

ఇక తీర్మానం. జూన్ 12న సమావేశం, జూన్ 16 నుంచి మార్పు అమలు అనుకుని రాస్తున్నాను. గీతలున్న చోట మీ వివరాలు నింపుకోండి.

"______ ప్రొడ్యూసర్ కంపెనీ లిమిటెడ్ డైరెక్టర్ల బోర్డు ___వ సమావేశం, జూన్ 12, ____ నాడు ఉదయం 11 గంటలకు కంపెనీ రిజిస్టర్డ్ కార్యాలయంలో జరిగింది. అజెండా అంశం 5: బ్యాంకు ఖాతా సంతకందారుల మార్పు.

కంపెనీ పేరిట ______ బ్యాంకు, ______ శాఖలో ఉన్న ______ నంబరు కరెంటు ఖాతా నిర్వహణ విషయమై ______ తేదీన ఆమోదించిన ____ నంబరు తీర్మానంలో, సంతకందారుల పేర్లకు, సంతకం చేసే పద్ధతికి సంబంధించిన భాగాన్ని మాత్రమే మారుస్తూ ఈ కింది విధంగా తీర్మానించడమైనది.

పూర్వ ముఖ్య కార్యనిర్వహణాధికారి శ్రీ ______ గారికి పై ఖాతాపై గల సంతకాధికారాన్ని, దానితోపాటు ఇంటర్నెట్ బ్యాంకింగ్ సహా ఆ ఖాతాకు సంబంధించిన ఇతర అధికారాలన్నిటినీ జూన్ 15, ____ నాటి బ్యాంకు పనివేళలు ముగిసినప్పటి నుంచి ఇందుమూలంగా రద్దు చేయడమైనది.

జూన్ 16, ____ నుంచి పై ఖాతాలో చెక్కులపై, చెల్లింపు ఆదేశాలపై ఈ కింది ముగ్గురిలో ఏ ఇద్దరైనా ఉమ్మడిగా సంతకం చేయడానికి ఇందుమూలంగా అధికారం ఇవ్వడమైనది: శ్రీ ______, ఛైర్మన్, శ్రీమతి ______, డైరెక్టరు, శ్రీ ______, ముఖ్య కార్యనిర్వహణాధికారి. వీరి నమూనా సంతకాలు ఈ తీర్మానానికి జతచేసిన పత్రంలో ఉన్నవి.

ఇంకనూ తీర్మానించడమైనది ఏమనగా, జూన్ 15, ____ వరకు పాత సంతకాలతో జారీ అయి ఇంకా చెల్లింపు కాని, అనుబంధం-1లో నంబరు, తేదీ, మొత్తంతో సహా పేర్కొన్న చెక్కులకు మాత్రమే, వాటి గడువులోగా సమర్పించినట్లయితే, చెల్లింపు చేయవలసిందిగా బ్యాంకును కోరడమైనది.

ఇంకనూ తీర్మానించడమైనది ఏమనగా, ఈ తీర్మానాన్ని మార్చినట్టు గానీ రద్దు చేసినట్టు గానీ కంపెనీ నుంచి రాతపూర్వక సమాచారం బ్యాంకుకు అందేవరకు ఇది అమలులో ఉంటుంది. దీని ధ్రువీకృత నకలును బ్యాంకుకు అందజేయడానికి డైరెక్టరు శ్రీ ______ గారికి అధికారం ఇవ్వడమైనది."

ఇందులో రెండు మూడు మాటలు ఎందుకలా ఉన్నాయో చెప్పాలి, లేకపోతే మీరు మార్చేస్తారు.

మొదటిది, "ఆ భాగాన్ని మాత్రమే మారుస్తూ". చాలామంది ఇక్కడ "గతంలో చేసిన అన్ని తీర్మానాలనూ రద్దు చేస్తూ" అని ఘనంగా రాస్తారు. వినడానికి బాగుంటుంది. కానీ పాత తీర్మానాల్లో ఓవర్‌డ్రాఫ్ట్ గురించో, మరొక ఖాతా గురించో బోర్డు ఇచ్చిన అధికారం ఉంటే, ఆ ఒక్క వాక్యంతో అదీ పోతుంది. అదే పాత తీర్మానం కేవలం సంతకాల గురించే అయితే, దాని తేదీ, నంబరు వేసి దాన్ని పూర్తిగా రద్దు చేయండి, ఏ ఇబ్బందీ లేదు. పాత కాగితం చదవకుండా ఈ వాక్యం మాత్రం రాయొద్దు. అన్నట్టు, అది క్యాష్ క్రెడిట్ ఖాతా అయితే అప్పు మాటలు ఈ తీర్మానంలో కలపకండి. వాటికి వేరే తీర్మానం పెట్టుకోండి.

రెండోది, పేరూ హోదా రెండూ. మీరు "చైర్మన్ గారు" అని ఊరుకున్నారు. వచ్చే ఏడాది ఛైర్మన్ మారితే ఆ తీర్మానం ఎవరిది? హోదా మీద రాస్తే మళ్లీ మళ్లీ తీర్మానం చేయక్కర్లేదు కదా అంటారు. ఎలాగూ కొత్తాయన నమూనా సంతకం, కేవైసీ బ్యాంకు తీసుకోవాల్సిందే, ఎన్నికైన తీర్మానం చూపించాల్సిందే. మిగిలేది ఏమీ లేదు. పేరు పాన్ కార్డులో ఉన్నట్టే అక్షరం పొల్లుపోకుండా రాయండి. మన పేర్లతో ఇదో తలనొప్పి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది, పాన్‌లో చివర ఉంటుంది, మినిట్స్‌లో ఒక్క పొడి అక్షరం. బ్యాంకుకి వాళ్లు ముగ్గురు మనుషులు. కంపెనీ పేరూ అంతే, ఇన్‌కార్పొరేషన్ సర్టిఫికెట్‌లో ఎలా ఉంటే అలా. అందరూ "మా ఎఫ్‌పీఓ" అని పిలుచుకున్నా తీర్మానంలో ఆ మాటకి చోటు లేదు.

మూడోది, క్రియ. మీరు "సంతకం చేయుటకు బోర్డు నిర్ణయించుచున్నది" అన్నారు. అందులో నిర్ణయం ఉంది గానీ ఎవరికీ అధికారం దక్కలేదు. "చేయవలెను", "చేయగలరు" అని రాసినా ఇదే లోపం, పని ఇంకా జరగాల్సి ఉన్నట్టు వినిపిస్తుంది. తీర్మానం చదివిన క్షణానికే అధికారం ఇవ్వడం, తీసేయడం పూర్తయి ఉండాలి. "ఇందుమూలంగా అధికారం ఇవ్వడమైనది" అనే పాతకాలపు మాట ఆ పనే చేస్తుంది. ఇంగ్లిష్ తీర్మానాల్లో కనిపించే "బీ అండ్ ఈజ్ హియర్‌బై ఆథరైజ్డ్" కూడా అందుకే. కంపెనీ సెక్రటరీల సంస్థ రూపొందించిన ఎస్‌ఎస్-1 ప్రమాణం ప్రకారం మినిట్స్ మొత్తం ప్రథమ పురుషలో, భూతకాలంలో ఉండాలి, తీర్మానం ఒక్కటీ వర్తమానంలో ఉండాలి. "మేము చర్చించాము" అని కాకుండా "బోర్డు చర్చించింది" అని రాయడం అందుకే. తెలుగులో "ఇవ్వడమైనది" వ్యాకరణానికి జరిగిపోయిన పనిలా కనిపిస్తుంది గానీ, పక్కన "ఇందుమూలంగా" ఉండటంతో ఈ కాగితంతోనే జరిగిందని అర్థం. ఆ ఒక్క పదం వదిలేయకండి.

ఇంకో మాట. ఇలాంటి మార్పులు చాలా బ్యాంకుల్లో శాఖలో పూర్తికావు, స్కాన్ చేసి వేరే ఊళ్లో ఉన్న కేంద్ర కార్యాలయానికి పంపుతారు. అక్కడ తెలుగు చదివేవాళ్లు ఉంటారన్న నమ్మకం లేదు. కాబట్టి తీర్మానం తెలుగులో ఆమోదించినా, ఇంగ్లిష్ అనువాదం జతచేసి, దాని మీదా నకలు ధ్రువీకరించే డైరెక్టరే సంతకం పెట్టి ఇవ్వాలి. "ఉమ్మడిగా" అన్నచోట అనువాదంలో "జాయింట్లీ" ఒక్కటే ఉందో లేదో మీరే చూసుకోండి. మీరు ఇంత జాగ్రత్తగా రాసింది అక్కడే చెడిపోతుంది.

ఇక పాత చెక్కుల సంగతి. బ్యాంకు రికార్డులోంచి పాత సీఈఓ సంతకం తీసేయగానే, ఆయన సంతకంతో ఇదివరకే బయటికి వెళ్లిన చెక్కులు సంతకం కలవలేదని వెనక్కి రావచ్చు. చెక్కుకి రాసిన తేదీ నుంచి 3 నెలలు గడువు ఉంటుంది కాబట్టి, మార్చి మధ్య నుంచి ఇచ్చినవన్నీ చెక్కు పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్‌లో వెతకండి. ఉదాహరణకి జూన్ 5న ఎరువుల షాపుకి 48,000, జూన్ 9న లారీ కిరాయికి 11,500 ఇచ్చారనుకుందాం, ఇంకా ఖాతాలో పడలేదు. ఆ రెండూ అనుబంధం-1లోకి వెళ్తాయి. ఇది మొక్కుబడి కాదు. సంతకం తేడాతో చెక్కు వెనక్కొచ్చినా చెక్ బౌన్స్ కేసు, అంటే 138 సెక్షన్, వర్తించవచ్చని సుప్రీంకోర్టు 2012లో తేల్చింది. ఆ కేసులో కూడా గొడవ సంతకందారుల మార్పు దగ్గరే వచ్చింది. పాత సీఈఓతో మీకు పేచీ ఉండి, ఆయన దగ్గర సంతకం చేసిన ఖాళీ చెక్కులు ఉన్నాయన్న అనుమానం ఉంటే మాత్రం తీర్మానంలోని పాత చెక్కుల పేరా ఒక్కటే చాలదు. జాబితాలో ఉన్నవి తప్ప ఆ పుస్తకంలోని మిగతా నంబర్లన్నిటికీ చెల్లింపు నిలిపివేయమని వేరే లెటర్ కూడా ఇవ్వండి.

చెక్కుల గొడవలో పడి అందరూ మరిచిపోయేది ఆన్‌లైన్. సంతకాల కార్డు మార్చినంత మాత్రాన ఇంటర్నెట్ బ్యాంకింగ్‌లో పాత మనిషి యూజర్ ఐడీ పోదు. నాకు తెలిసిన ఒక చిన్న సంస్థలో సంతకాలు మారిన రెండు నెలల తర్వాత కూడా ఓటీపీలు వెళ్లిపోయిన ఉద్యోగి ఫోన్‌కే వస్తుండేవి. ఆయన మంచివాడు కాబట్టి అడిగినప్పుడల్లా చదివి చెప్పేవాడు. నవ్వుకున్నాం గానీ ఆ ఏర్పాటులో ఉన్న ప్రమాదం చిన్నది కాదు. తీర్మానంలో "ఇంటర్నెట్ బ్యాంకింగ్ సహా" అని నేను చేర్చింది ఇందుకే. అది పాత అధికారాన్ని తీసేస్తుంది. కొత్తవారిలో ఎవరు ఎంట్రీ వేస్తారు, ఎవరు ఆమోదిస్తారు అన్నది బ్యాంకు ఫారంలో అడుగుతారు. ఆ రెండు పనులూ ఒకే మనిషికి ఇవ్వకండి, రిజిస్టర్డ్ మొబైల్ నంబరు మార్చే ఫారం కూడా అదే రోజు ఇవ్వండి.

నకలు మీద ఎవరు సంతకం పెట్టాలి? కొత్తగా అధికారం పొందిన ముగ్గురూ కాకుండా వేరే డైరెక్టరు పెడితే మేలు. తనకి తానే అధికారం వచ్చిందని ధ్రువీకరించుకున్నట్టు ఉండదు. కంపెనీ లెటర్‌హెడ్ మీద, సీఐఎన్ అనే 21 అక్షరాల కంపెనీ గుర్తింపు సంఖ్య, రిజిస్టర్డ్ చిరునామాతో, పైన "తీర్మానం ధ్రువీకృత నకలు" అని, కింద "నిజప్రతి" అని రాసి, తేదీ, పేరు, హోదా వేయాలి. కామన్ సీల్ ఉండాలని ఎవరైనా పట్టుబడితే, 2015 సవరణ తర్వాత అది తప్పనిసరి కాదని మర్యాదగా చెప్పండి. మీ నియమావళిలో సీలు నిబంధన మిగిలి ఉందేమో మాత్రం ముందు చూసుకోండి.

మినిట్స్ పుస్తకంలోకి ఎక్కించడానికి సమావేశం నుంచి 30 రోజులు గడువుంది. అంతవరకు ఆగనక్కర్లేదు. తీర్మానం పాఠాన్ని సమావేశంలోనే బోర్డు ముందు పెట్టి ఉంటే, మినిట్స్ పూర్తికాకముందే ధ్రువీకృత నకలు ఇవ్వచ్చని ఎస్‌ఎస్-1 చెబుతోంది. అందుకే పైన ఇచ్చిన నమూనా నింపి, టైపు చేయించి, 12న చేతిలో పట్టుకుని సమావేశానికి వెళ్లండి. చదివి వినిపించి, ఆమోదించాక అక్కడే నకలు మీద సంతకం పెట్టించుకోండి. మర్నాడు ముగ్గురూ పాన్, ఆధార్, ఫోటోలు తీసుకుని శాఖకు వెళ్లాలి. నమూనా సంతకాలు చాలా శాఖల్లో అధికారి ఎదుటే పెట్టాలి, కాబట్టి ఒక్కరినే పంపితే రెండో ట్రిప్పు తప్పదు.

ఇచ్చిన ప్రతి కాగితానికీ మీ కాపీ మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకోండి. 16 వచ్చింది కదా అని డీలరుకి పెద్ద చెక్కు రాసేయకండి. ముందు శాఖకి ఫోన్ చేసి సిస్టమ్‌లో కొత్త సంతకాలు ఎక్కాయో లేదో కనుక్కోండి. ఎక్కాయంటే కార్యాలయం ఖర్చులకని రెండు వేల రూపాయల చెక్కు కొత్త సంతకాలతో రాసి డబ్బు తీసుకోండి. అది సజావుగా వస్తే అదే మధ్యాహ్నం డీలరు చెక్కు ఇచ్చేయండి.